జన్మనక్షత్ర నిర్ణయము : చంద్రుడు నిలిచిన చోటు



మన సుచిత్ర ప్రాంతంలో నివసిస్తున్న ఒక ఇల్లాలు 2009లో నా వద్దకు వచ్చింది. ఆమె కుమార్తె అమెరికాలోని డల్లాసు నగరంలో ప్రసవించినది. మనుమరాలి నామకరణానికి ఏ అక్షరం వచ్చునో తెలుసుకొనగోరి, గోడ క్యాలెండరులోని కాగితం చింపి మడిచి తెచ్చినది. సంకల్పంలో చెప్పవలసి ఉంటుందని తల్లి నక్షత్రం కూడా అడిగాను. "ధనిష్ఠ అండీ. సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిన నాడు పుట్టింది. ఆ తేదీ మరచిపోయేది కాదు" అన్నది. ఎన్ని గంటలకు పుట్టినదమ్మా అని అడిగాను. "గ్రహణం విడిచిన తరువాత స్నానాలయ్యాయి. వంట మొదలుపెట్టగానే నాకు నొప్పులు వచ్చాయి. రాత్రి తొమ్మిది గంటలకు పుట్టింది" అన్నది. ఆ మాట వినగానే నాకు సందేహం కలిగినది. ఆ సందేహమే నేటి మన ప్రసంగానికి విషయము.

జన్మనక్షత్రం అనగా పుట్టిన రోజు నక్షత్రం అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పుట్టిన క్షణాన చంద్రుడు ఏ నక్షత్ర విభాగంలో ఉన్నాడో అదే జన్మనక్షత్రము. రోజుకూ క్షణానికీ గల ఈ భేదం చిన్నదిగా కనిపించును గాని, దాని వలన పేరులో అక్షరం, దశాశేషం, వివాహపొంతన అన్నీ మారిపోతాయి.

చంద్రుని బాట, ఇరువది ఏడు మజిలీలు

చంద్రుడు ఒక నక్షత్రం దగ్గర బయలుదేరి, ఆకాశమంతా చుట్టి, తిరిగి ఆ నక్షత్రం దగ్గరకు రావడానికి 27 రోజుల 7 గంటల 43 నిమిషాలు పడుతుంది. అనగా రోజుకు సుమారు ఒక మజిలీ చొప్పున నడిస్తే ఇరువది ఏడు మజిలీలలో చుట్టు పూర్తి అవుతుంది. అందుచేత మన పెద్దలు చంద్రుని బాటను 27 భాగాలు చేసినారు. దక్షుని కుమార్తెలు ఇరువది ఏడుగురూ చంద్రుని భార్యలనీ, అతడు ఒక్కొక్క రాత్రి ఒక్కొక్కరి ఇంట బస చేస్తాడనీ పురాణం చెప్పిన కథకు మూలం ఈ నడకయే. అభిజిత్తును కూడా చేర్చి 28గా ఎంచిన సంప్రదాయం ఉన్నది గాని, జాతక గణితానికి సమానమైన 27 భాగాలనే గ్రహిస్తారు.

అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ, మూల, పూర్వాషాఢ, ఉత్తరాషాఢ, శ్రవణం, ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి. ఇవి మనకు చిన్ననాటినుండి కంఠస్థమైన పేర్లే. పూర్తి వృత్తం 360 భాగలు. దానిని 27తో భాగిస్తే ఒక్కొక్క నక్షత్రానికి 13 భాగల 20 కలలు వస్తాయి. భాగకు 60 కలలు గనుక ఇది 800 కలలు. దానిని నాలుగు పాదాలు చేస్తే పాదానికి 200 కలలు. మొత్తం 108 పాదాలు. వాటిని పన్నెండు రాశులకు పంచితే రాశికి తొమ్మిది పాదాలు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. నక్షత్రం అన్న పేరు రెండు వస్తువులకు వాడుతున్నాము. ఒకటి ఆకాశంలో మెరిసే తారల గుంపు. రెండవది చంద్రుని బాటపై గీసిన 800 కలల విభాగము. ఈ రెండూ ఒకటి కావు. ధనిష్ఠనే చూడండి. వేదాంగ జ్యోతిషంలో శ్రవిష్ఠ అని పేరుగాంచిన ఆ చిన్న తారల గుంపు చంద్రుని బాటకు చాలా ఉత్తరంగా ఉన్నది. చంద్రుడు ఏనాడూ ఆ తారలను తాకడు. అయినను తన బాటపై ఆ తారల పేరుగల విభాగంలో ప్రవేశించినప్పుడు చంద్రుడు ధనిష్ఠలో ఉన్నాడంటాము. చిత్త అట్లు కాదు. ఆ తార చంద్రుని బాటకు దగ్గరగానే ఉన్నది. అందుచేతనే దానిని గుర్తుగా పెట్టుకొని, దానికి సరిగ్గా ఎదుటి బిందువును అశ్విని ఆదిగా గ్రహించే పద్ధతి ఏర్పడినది. దానినే చిత్రాపక్షం అంటారు.

ఈ సంగతి కండ్లతో చూడదలచినవారు సుచిత్ర చౌరస్తా దీపాల వెలుగును విడిచి, శామీర్‌పేట చెరువు వైపు చీకటిగల చోటికి పోవలెను. కృత్తికల గుత్తిని, దాని తూర్పున ఎర్రగా వెలిగే రోహిణిని గుర్తుపట్టి, చంద్రుడు ఆ ప్రాంతానికి వచ్చిన రాత్రి ఒకసారి, మరునాడు అదే వేళకు ఇంకొకసారి చూడండి. చంద్రుడు తారల మధ్య తూర్పుగా ఒక మజిలీ జరిగి ఉంటాడు. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు పది భాగలు. అంతకు కొంచెం ఎక్కువ జరుగుతాడన్న మాట.

చంద్రుని నడక సమానం కాదు

ఒక నక్షత్రానికి అరువది ఘడియలు, అనగా సరిగ్గా ఒక రోజు అని మనం మాటవరుసకు చెప్పుకుంటాము. నిజానికి చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్న దినాలలో వేగంగానూ, దూరంగా ఉన్న దినాలలో మెల్లగానూ నడుస్తాడు. వేగంగా ఉన్నప్పుడు ఒక నక్షత్రాన్ని సుమారు 21 గంటలలో దాటుతాడు. మెల్లగా ఉన్నప్పుడు 26 గంటలు దాటి కూడా పడుతుంది. అందుచేతనే పంచాంగంలో నక్షత్రం ముగిసే వేళ ప్రతిదినం మారుతూ ఉంటుంది. కొన్ని దినాలలో ఒక సూర్యోదయం నుండి మరుసటి సూర్యోదయం వరకు రెండు నక్షత్రాలు ముగియవచ్చును. కొన్ని దినాలలో ఒక్కటియూ ముగియకపోవచ్చును.

కనుక జన్మనక్షత్రం నిర్ణయించడానికి మనకు మూడు కావలెను. ఆ నక్షత్రం ప్రారంభమైన వేళ, ముగిసిన వేళ, శిశువు పుట్టిన వేళ. ప్రారంభం నుండి ముగింపు వరకు గల మొత్తం కాలాన్ని ఆద్యంత కాలం అంటాము. ప్రారంభం నుండి జననం వరకు గడచినది భుక్తము. జననం నుండి ముగింపు వరకు మిగిలినది భోగ్యము. నా బాల్యంలో పాఠశాలలో గురువుగారు పలకమీద మొదట ఈ మూడు అంకెలు వేయించి, భుక్త భోగ్యాలు కలిపితే ఆద్యంతం వచ్చినదా అని సరిచూపించేవారు. అది కలవకపోతే తరువాతి లెక్క చేయనిచ్చేవారు కాదు.

గ్రహణం నాటి లెక్క

ఇప్పుడు ఆ ఇల్లాలు చెప్పిన దినాన్నే ఉదాహరణగా తీసుకుందాము. సిద్ధార్థి నామ సంవత్సరం, మాఘ బహుళ అమావాస్య, శనివారము. తేదీ 16-2-1980. నాడు సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటక మీదుగా మన రాష్ట్రంలో ప్రవేశించినది. హైదరాబాదుకు దక్షిణంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ నీడ దారిలోనే ఉన్నది. అక్కడ సాయంకాలం సుమారు 3 గంటల 45 నిమిషాలకు సూర్యబింబం పూర్తిగా మరుగుపడినది.

ఈ దినాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉన్నది. మామూలు దినాన చంద్రుడు ఏ భాగలో ఉన్నాడో లెక్క వేసినవారి మాటను నమ్మవలసినదే. గ్రహణం నాడు మాత్రం చంద్రుడు సూర్యునితో కలిసి ఉంటాడు. సూర్యుని స్థానం తేదీని బట్టి తేలికగా తెలుస్తుంది గనుక చంద్రుని స్థానాన్ని మనమే సరిచూసుకొనవచ్చును.

దృగ్గణితంతో, చిత్రాపక్ష అయనాంశతో లెక్కించగా నాడు సూర్యచంద్రులు కలిసినది మధ్యాహ్నం సుమారు 2 గంటల 20 నిమిషాలకు. అప్పుడు ఇద్దరి స్థానం అశ్విని ఆది నుండి 303 భాగల 16 కలలు. ధనిష్ఠ విభాగం 293 భాగల 20 కలల నుండి 306 భాగల 40 కలల వరకు వ్యాపించి ఉన్నది. కనుక నాటి అమావాస్యాంతం ధనిష్ఠలో జరిగినది. ధనిష్ఠ మూడవ పాదం 303 భాగల 20 కలలకు ముగుస్తుంది. చూడండి, నాలుగవ పాదానికి నాలుగు కలలు మాత్రమే మిగిలి ఉన్నవి.

నాడు చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నాడు. గంటకు 37 కలలకు పైగా నడుస్తున్నాడు. ఆ వేగంతో వెనుకకూ ముందుకూ లెక్కిస్తే, ధనిష్ఠ శుక్రవారం రాత్రి సుమారు 10 గంటల 25 నిమిషాలకు ప్రారంభమై, శనివారం రాత్రి సుమారు 7 గంటల 45 నిమిషాలకు ముగిసినది. ఆద్యంత కాలం 21 గంటల 20 నిమిషాలు. గంటకు రెండున్నర ఘడియలు గనుక ఇది 53 ఘడియల 20 విఘడియలు. నాలుగుతో భాగిస్తే పాదానికి 5 గంటల 20 నిమిషాలు. కాబట్టి రెండవ పాదం శనివారం తెల్లవారుజామున 3.45కు, మూడవ పాదం ఉదయం 9.05కు, నాలుగవ పాదం మధ్యాహ్నం 2.25కు మొదలైనవి. పైన సూర్యుని స్థానంతో వచ్చిన లెక్కకు ఇది సరిపోతున్నది.

నాడు సరిగ్గా చీకటి కమ్మిన 3.45కు ఒక శిశువు పుట్టినదనుకుందాము. భుక్తం 17 గంటల 20 నిమిషాలు. భోగ్యం 4 గంటలు. రెండూ కలిపితే 21 గంటల 20 నిమిషాలు. లెక్క కుదిరినది. నక్షత్రం ధనిష్ఠ, పాదం నాలుగవది, రాశి కుంభము. ధనిష్ఠకు చెప్పిన అక్షరాలు గ, గి, గు, గే. నాలుగవ పాదం గనుక గే. ధనిష్ఠకు దశాధిపతి కుజుడు, అతని దశ 7 సంవత్సరాలు. భోగ్యమైన 4 గంటలను 7తో గుణించి, ఆద్యంతమైన 21 గంటల 20 నిమిషాలతో భాగించవలెను. కుజదశలో మిగిలినది సుమారు ఒక సంవత్సరం నాలుగు నెలలు. ఇక్కడ కొందరు తొందరపడి నక్షత్రానికి 24 గంటలే అని భాగిస్తారు. అట్లు చేస్తే రెండు నెలలు తగ్గిపోతుంది. ఆ తప్పు ఆ జాతకంలోని తరువాతి దశలన్నింటికీ పాకుతుంది.

కన్ను చూసినది వేరు, లెక్క వేరు

ఇక్కడ బుద్ధిమంతుడైన శ్రోత ఒక ప్రశ్న వేయవచ్చును. 3.45కు చంద్రుడు సూర్యుని కప్పి ఉన్నాడు గదా. సూర్యుడు అప్పుడు 303 భాగల 19 కలలలో ఉన్నాడు. అది మూడవ పాదము. మరి మీరు నాలుగవ పాదం అంటున్నారేమి?

ఈ ప్రశ్న చాలా మంచిది. సూర్యచంద్రులు కలిసినది 2.20కి అని చెప్పుకున్నాము. కాని మనకు గ్రహణం నిండుగా కనబడినది 3.45కు. మధ్యలో గంటన్నరకు కొంచెం తక్కువ భేదం వచ్చినది. ఆ భేదానికి కారణం లంబనము. మనం భూమి నడుమ లేము, భూమి పైపొరమీద ఉన్నాము. సూర్యుడు చాలా దూరాన ఉన్నాడు గనుక ఎక్కడి నుండి చూసినా దాదాపు అక్కడే కనబడతాడు. చంద్రుడు దగ్గరివాడు. మధ్యాహ్నం తిరిగి పడమటికి వాలినప్పుడు అతడు తన నిజస్థానం కంటె క్రిందికి, అనగా పడమటి దిగంతం వైపు జారినట్లు కనబడతాడు. మీ వేలును ముఖం ముందు పెట్టి, ఒక్కొక్క కన్ను మూసి చూడండి. వేలు కదలలేదు, అయినా వెనుక గోడపై దాని చోటు మారినది. అట్లే 3.45కు చంద్రుడు తన లెక్కలో 304 భాగల 8 కలలకు చేరుకొన్నాడు. మన కంటికి మాత్రం ఇంకా సూర్యుని మీదనే ఉన్నట్లు కనబడినాడు.

పంచాంగంలోని తిథి నక్షత్రాలు భూమి కేంద్రం నుండి చూసినట్లు లెక్కించినవి. అందుకే ఒక క్షణానికి లోకమంతటా ఒకే నక్షత్రము. లంబనాన్ని గ్రహణం కనబడే వేళను నిర్ణయించడానికి మాత్రమే వాడతారు. నక్షత్ర నిర్ణయానికి వాడరు. గ్రహణ సమయంలో పుట్టిన శిశువుకు పెద్దలు చెప్పే శాంతి వేరే విషయము. దాని వలన జన్మనక్షత్రం మారదు.

క్యాలెండరు గడిలో దాగిన తప్పు

ఇప్పుడు ఆ ఇల్లాలి కుమార్తె దగ్గరకు వద్దాము. పుట్టినది శనివారం రాత్రి 9 గంటలకు. ధనిష్ఠ 7.45కే ముగిసినది. అప్పటికి గంటా పదిహేను నిమిషాలుగా శతభిషం నడుస్తున్నది. కనుక ఆమె నక్షత్రం శతభిషం మొదటి పాదము. అక్షరం గో. దశ రాహువుది, 18 సంవత్సరాలలో దాదాపు 17 సంవత్సరాలు శేషం ఉన్న దశ. ధనిష్ఠ అన్నది తప్పు.

ఈ తప్పు ఎట్లా వచ్చినది? క్యాలెండరులో తేదీ గడిలో ఒక నక్షత్రం పేరు, దాని ప్రక్కన ఒక వేళ ముద్రించి ఉంటుంది. పేరును చూస్తారు, వేళను చూడరు. ఆ వేళ ఆ నక్షత్రం ముగిసే వేళ. మొదలయ్యే వేళ కాదు. దాని తరువాత పుట్టిన శిశువుకు తరువాతి నక్షత్రము. ఇంత చిన్న సంగతి తెలియక ఎన్నో ఇండ్లలో జీవితకాలం తప్పు నక్షత్రంతో అర్చనలు జరుగుతున్నవి.

రెండవ తప్పు అర్ధరాత్రి తరువాత పుట్టినవారి విషయంలో జరుగుతుంది. ఆసుపత్రి కాగితంలో తేదీ రాత్రి 12 గంటలకు మారుతుంది. పంచాంగంలో దినం సూర్యోదయంతో మారుతుంది. అదే ఉదాహరణలో శనివారం తెల్లవారుజామున 2 గంటలకు ఒక శిశువు పుట్టినదనుకోండి. పంచాంగం ప్రకారం అది ఇంకా శుక్రవారమే. శుక్రవారం పంక్తిలో శ్రవణం ఉంటుంది. శ్రవణం రాత్రి 10.25కు ముగిసినది. కనుక వారం శుక్రవారం, నక్షత్రం మాత్రం ధనిష్ఠ మొదటి పాదము. వారం ఒక పంక్తి నుండి, నక్షత్రం తరువాతి పంక్తి నుండి తీసుకోవలసి వచ్చినది.

పాత పంచాంగాలలో వేళలు గంటలలో గాక సూర్యోదయం మొదలు ఘడియలలో ఉంటాయి. నాడు సూర్యోదయం సుమారు 6.45 అనుకుంటే, రాత్రి 7.45 వరకు 13 గంటలు, అనగా 32 ఘడియల 30 విఘడియలు. ధనిష్ఠ పక్కన 32-30 అని కనబడితే దానిని 32వ తేదీ అనో, గంటల లెక్క అనో భ్రమపడకుండా, ఆ ఊరి సూర్యోదయానికి కలుపుకోవలెను.

మూడవది విదేశాలలో పుట్టిన పిల్లల విషయము. మన కొంపల్లి, సుచిత్ర, మేడ్చల్ వైపు ఇండ్లలో నేడు ఇదే ఎక్కువ. అమెరికాలో తేదీ, గంట చెప్పి హైదరాబాదు క్యాలెండరులో ఆ తేదీ గడి చూస్తారు. అది కూడదు. నక్షత్రం మారిన క్షణం లోకమంతటికీ ఒక్కటే. గడియారాలే వేరు. ధనిష్ఠ ముగిసిన మన రాత్రి 7.45 డల్లాసు గడియారంలో అదే తేదీ ఉదయం 8.15. అక్కడ ఆ రోజు ఉదయం 10 గంటలకు పుట్టిన శిశువుకు శతభిషమే గాని ధనిష్ఠ కాదు. ముందు అక్కడి వేళను మన వేళకు మార్చి, ఆ పైన పంచాంగం చూడవలెను. అక్కడ వేసవిలో గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు గనుక శీతకాలంలో 11 గంటల 30 నిమిషాలు, వేసవిలో 10 గంటల 30 నిమిషాలు కలపవలెను. ఆ ఇల్లాలి మనుమరాలి విషయంలో జరిగినది ఇదే. అక్కడి వేళను మార్చి చూస్తే, ఆమె తెచ్చిన కాగితంలోని నక్షత్రం నిలువలేదు. ఒకే ఇంట తల్లికీ, బిడ్డకూ కూడా నక్షత్రం తప్పుగానే పలుకుతున్నారన్న మాట.

సరిహద్దున పుట్టినవారు

జనన సమయం నిమిషం తప్పితే జాతకం చెడునని కొందరు భయపడతారు. అంత భయం అక్కరలేదు. చంద్రుడు నిమిషానికి సుమారు అర కల మాత్రమే కదులుతాడు. పాదమే అయిదారు గంటలుంటుంది. ఆసుపత్రిలో 9.02ను 9.00 అని వ్రాసినంత మాత్రాన నక్షత్రం మారదు. సరిహద్దుకు దగ్గరగా పుట్టినప్పుడే చిక్కు వస్తుంది. నక్షత్రం మారే వేళకు ఇటు అటు పావుగంట లోపల జననమైతే, వ్రాసిన వేళ తొలి ఏడుపుదా, బొడ్డు కోసినదా, గదిలోని గడియారం సరియైనదా అని విచారించవలెను.

అంతకంటె పెద్ద చిక్కు పంచాంగాల భేదము. మన తెలుగునాట కొన్ని పంచాంగాలు పూర్వ సిద్ధాంత గణితాన్ని, కొన్ని దృగ్గణితాన్ని అనుసరిస్తాయి. చంద్రగతిని సరిదిద్దే సంస్కారాలు ఈ రెండింటిలో సమానంగా ఉండవు గనుక నక్షత్రాంతంలో కొన్ని దినాలలో గంటల తేడా కనబడుతుంది. మరొకటి అయనాంశ. ఆకాశంలో అశ్విని ఆదిని ఎక్కడ పెట్టవలెనన్నదే ఆ ప్రశ్న. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం చిత్రాపక్షానికి చేరువైన అయనాంశను ఆమోదించినది. నేడు దృక్ పంచాంగాలలో ఎక్కువ భాగం దానినే అనుసరిస్తున్నవి. బి.వి. రామన్ గారి అయనాంశ దానికంటె సుమారు ఒకటిన్నర భాగ తక్కువ. ఒకటిన్నర భాగ నడవడానికి చంద్రునికి రెండున్నర గంటల నుండి మూడు గంటలు పడుతుంది. కనుక ఆ పద్ధతిలో 1980 నాటి ధనిష్ఠ సాయంకాలం అయిదున్నర ప్రాంతానికే ముగుస్తుంది. సాయంకాలం ఆరు గంటలకు పుట్టినవారికి ఒక పద్ధతిలో ధనిష్ఠ, మరొక పద్ధతిలో శతభిషము.

ఇట్టి చోట ఏది సత్యం అని వాదించుట కంటె, మీ ఇంట తరతరాలుగా ఏ పంచాంగం నడుస్తున్నదో దానినే ఆద్యంతం పట్టుకొనుట మేలు. నక్షత్రం ఒక పంచాంగం నుండి, పాదం మరొకదాని నుండి, పొంతన మూడవదాని నుండి తీసుకోవడం మాత్రం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు. అయితే ఆ ఇల్లాలి కుమార్తె విషయంలో ఈ సందేహం లేదు. రాత్రి 9 గంటలు ఈ రెండు అయనాంశలలోనూ ధనిష్ఠ దాటిన తరువాతి వేళయే.

ఆ తల్లి అడిగిన మాట

ఇదంతా కాగితం మీద వేసి చూపించిన తరువాత ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ పైన నెమ్మదిగా చెప్పినది. కుమార్తెకు 2003లో ఒక సంబంధం వచ్చినదట. పిల్లవాడు బుద్ధిమంతుడు, ఇరువైపుల వారికీ నచ్చినది. అతనిది చిత్త. ధనిష్ఠకూ చిత్తకూ ఇద్దరిదీ మధ్యనాడి, ఏకనాడి దోషం అని చెప్పి వీరే వద్దన్నారట. శతభిషానిది ఆద్యనాడి. ఆ దోషం ఆ జంటకు లేనేలేదు. "అయ్యగారూ, మేమే వద్దన్నామండీ. అమ్మాయి అప్పుడు నాలుగు రోజులు అన్నం తినలేదు" అన్నది.

నేను ఆమెకు ఓదార్పు మాటలు చెప్పలేదు. కుమార్తె మరొక మంచి ఇంట సుఖంగా ఉన్నదని ఆమెయే చెప్పినది. ఆ పిల్లకు ఇది చెప్పవలెనా అని అడిగినది. నక్షత్రం సరిచేసి చెప్పమ్మా, ఇకమీదట అర్చన సరియైన నక్షత్రానికి జరుగుతుంది, సంబంధం సంగతి ఎత్తవద్దు అన్నాను.

ఆమె వెళ్ళేటప్పుడు తన మనుమరాలి పుట్టిన వేళ, ఊరు, అక్కడి గడియారపు లెక్క, మన వేళ, ఆ వేళకు నడుస్తున్న నక్షత్రం ప్రారంభాంతాలు, భుక్త భోగ్యాలు అన్నీ ఒక తెల్లకాగితం మీద వ్రాయించుకొని, అడుగున నేను చూసిన పంచాంగం పేరు కూడా వ్రాయమన్నది. నా డెబ్బది ఏండ్ల జీవితంలో ఆ చివరి సంగతి అడిగినవారు ఆమె ఒక్కతెయే. మీ ఇండ్లలోనూ పిల్లల నక్షత్రాలు ఉత్త పేరుగా గాక, ఈ రీతిగా వ్రాసి పెట్టుకొనండి. అనుమానం వచ్చిన నాడు మరొకరు లెక్క వేసి సరిచూడగలుగుతారు.

స్వస్తి.